నిపుణుణ్ని ఏమడిగాం?



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ గురువుగారిని బోనులో నిపుణుడు ఉన్నప్పుడు చూసినవాళ్లు ఈ సభలో ఇంకా కొందరున్నారు. ఆయన గొంతు పెంచేవారు కాదు. డిగ్రీల గురించీ, అనుభవం ఎన్నేళ్లన్న దాని గురించీ అడిగేవారే కాదు. ఆయన మొదటి ప్రశ్న దాదాపు ప్రతిసారీ ఒకటే: "మీకు వచ్చిన లెటర్ ఆఫ్ అడ్వైస్‌లో మిమ్మల్ని ఏమని అడిగారండీ?" నేను మేజిస్ట్రేటుగా ఉన్న కొత్తలో ఈ ప్రశ్న కాలయాపన కోసమనుకునేవాణ్ని. సెషన్స్ జడ్జిగా తీర్పులు రాయడం మొదలుపెట్టాక దాని విలువ తెలిసింది. నిపుణుడి జవాబు ఎంతవరకు నిలుస్తుందన్నది చాలాసార్లు అతనికి వేసిన ప్రశ్నలోనే తేలిపోతుంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే. చేతిరాత గురించి కొంత, తుపాకి తూటాల గురించి ఎక్కువగా మాట్లాడతాను.

ముందు చట్టం సంగతి. సాక్షి తాను చూసింది, విన్నది చెప్పాలే గానీ తనకేమనిపించిందో చెప్పకూడదన్నది మామూలు నియమం. దానికి మినహాయింపు పాత సాక్ష్యచట్టం 45వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 39వ సెక్షన్‌గా మారింది. విదేశీ చట్టం, శాస్త్రం, కళ, చేతిరాత, వేలిముద్రలు అన్న పాత జాబితాకు కొత్త చట్టం "మరే ఇతర రంగమైనా" అన్న అర్థంలో ఇంకో మాట చేర్చింది. తలుపు వెడల్పయింది. అయితే ఆ తలుపు దగ్గరే ఉన్న మరో రెండు సెక్షన్లను మనం పెద్దగా పట్టించుకోం. నిపుణుడి అభిప్రాయాన్ని బలపరిచే సంగతులే కాదు, దానికి అడ్డుపడే సంగతులు కూడా సంబంధితాలేనంటుంది ఒకటి. అది పాత 46, కొత్త 40. అభిప్రాయానికి ఆధారమైన కారణాలు కూడా సంబంధితాలేనంటుంది రెండోది. అది పాత 51, కొత్త 45. నిపుణుడు తాను చేసిన ప్రయోగాలు వివరించవచ్చని దాని కింద ఉదాహరణ కూడా ఇచ్చారు. అంటే చట్టం నిపుణుడి నుంచి తీర్పు కోరడం లేదు. తాను ఏం చూశాడో, ఏం చేసి చూశాడో, అందులోంచి ఈ మాటకు ఎలా వచ్చాడో జడ్జికి చూపించమంటోంది. కారణాలు లేని అభిప్రాయానికి విలువ లేదని 1999లో హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ జైలాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. అయినా రెండు వాక్యాల రిపోర్టును అలాగే మార్కు చేసి పక్కన పెట్టే అలవాటు మన కోర్టుల్లో పోలేదు.

చేతిరాత విషయంలో సుప్రీంకోర్టు మొదటినుంచీ జంకుతూనే ఉంది. 1957 రిపోర్టుల్లో ఉన్న రామచంద్ర కేసులో, ఒక్క చేతిరాత నిపుణుడి మాట మీద శిక్ష వేయడం క్షేమం కాదంది. 1960ల్లో వచ్చిన ఈశ్వరీ ప్రసాద్ మిశ్రా, శశికుమార్ బెనర్జీ తీర్పులదీ అదే దారి. అది ఎంతైనా అభిప్రాయమేననీ, నేరుగా ఉన్న సాక్ష్యం స్థానంలో అది కూర్చోవడం అరుదనీ వాటి సారాంశం. ఇవన్నీ కలిసి కింది కోర్టుల్లో ఒక రకం మూఢనమ్మకంగా మారాయి. నిపుణుడి మాటను బలపరిచే మరో సాక్ష్యం తప్పనిసరి అన్నది చట్టమేనని చాలామంది అనుకున్నారు.

ఆ ముడి విప్పినవారు మన తెలుగువారే, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లినవారు. 1980 రిపోర్టుల్లో వచ్చిన మురారీలాల్ వర్సెస్ మధ్యప్రదేశ్ ప్రభుత్వం అన్న తీర్పు ఆయనది. హత్య జరిగిన చోట హిందీలో రాసిన ఒక చీటీ దొరికింది. బి.ఏ. పాసైనా ఉద్యోగం ఇచ్చే నాథుడు లేడనీ, దాని ఫలితమే ఇదనీ అందులో ఉంది. ఆ రాత ముద్దాయిదేనా అన్నది ప్రశ్న. నిపుణుడు అతనిదే అన్నాడు. నిపుణుడి మాటకు తోడు లేకపోతే దాన్ని అసలు పట్టించుకోకూడదా అన్నది వాదన.

చిన్నప్పరెడ్డిగారు వేసిన మెలిక చాలా నిక్కమైనది. నిపుణుడు నేరంలో భాగస్వామి కాడు, అతన్ని అప్రూవర్‌తో సమానంగా అనుమానించడం అన్యాయం అన్నారు. జాగ్రత్త పడాల్సింది అతను అబద్ధం ఆడతాడని కాదు. ఏ మనిషైనా పొరబడవచ్చు గనక, పైగా వేలిముద్రల శాస్త్రం దాదాపు పరిపూర్ణతకు చేరినా, చేతిరాత శాస్త్రం ఇంకా అంత దూరం రాలేదు గనక. అందుకని కారణాలను జల్లెడ పట్టాలి, కేసులోని మిగతా సాక్ష్యంతో పోల్చి చూడాలి. కారణాలు ఒప్పించేలా ఉండి, వాటిని అనుమానించడానికి ఇంకేమీ లేకపోతే తోడు లేకపోయినా ఆ మాటను నమ్మవచ్చు. వేలిముద్రల గురించి ఆయన చూపిన ధీమాను ఈనాటి శాస్త్రజ్ఞులు అంతగా ఒప్పుకోరు. అది వేరే ఉపన్యాసం. కానీ బరువంతా నిపుణుడి హోదా మీదనుంచి తీసి అతని కారణాల మీద పెట్టడం ఆ తీర్పు చేసిన పెద్ద పని.

సరే, చేతిరాతలో కారణాలంటే ఎలా ఉంటాయి? మన సివిల్ కోర్టుల్లో రోజూ చూసే ప్రామిసరీ నోటు దావానే తీసుకుందాం. ప్రతివాది జవాబుదావాలో ఆ సంతకం నాది కాదంటాడు. వాది నోటును నిపుణుడికి పంపమని పిటిషన్ వేస్తాడు. పోల్చడానికి ఏ సంతకాలు పంపాలి? వకాలత్ మీదా, జవాబుదావా మీదా ఉన్నవి అందుబాటులో ఉన్నాయి గనక అవే పంపమంటారు. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. అవి గొడవ మొదలయ్యాక చేసిన సంతకాలు. సంతకం కాదనదలచుకున్న మనిషి తన సంతకాన్ని కాస్త మార్చి చేయడం వింతేమీ కాదు. మన హైకోర్టు వీటి మీద ఆధారపడవద్దని పదేపదే చెప్పడానికి కారణం అదే. నోటు తేదీకి ముందూ వెనకా అటు ఇటుగా, ఎవరూ గొడవను ఊహించని రోజుల్లో చేసిన సంతకాలు కావాలి. బ్యాంకు స్పెసిమెన్ కార్డు, రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్న దస్తావేజు, సొసైటీ అప్పు కాగితం, జీతం రిజిస్టరు లాంటివి. వాటిని తెప్పించే ఓపిక లేనప్పుడు పంపకపోవడమే మేలు.

ఎన్ని కావాలన్నది కూడా చిన్న సంగతి కాదు. ఒకే మనిషి ఒకేలా రెండుసార్లు సంతకం చేయడు. నిజానికి రెండు సంతకాలు గీత గీతకీ అచ్చుగుద్దినట్టు కలిస్తే అనుభవజ్ఞుడికి వచ్చే మొదటి అనుమానం, ఒకదాని మీద కాగితం పెట్టి రెండోది దించారేమోనని. అందుకే ఆ మనిషి రాతలో సహజంగా ఎంత తేడా వస్తుందో ముందు తెలియాలి. ఒక్క సంతకంతో అది తెలియదు. ఆ పరిధి తెలిశాకే వివాదంలో ఉన్న సంతకంలోని తేడా దానికి లోపల ఉందా, బయట పడిందా అని చెప్పగలం.

తెలుగు సంతకంలో చూడాల్సినవి మనకు తెలిసినవే. తలకట్టు అక్షరం పూర్తయ్యాక విడిగా పెడుతున్నాడా, ఒకే ఊపులో కలిపేస్తున్నాడా? సున్నా ఎక్కడ మొదలై ఎక్కడ మూసుకుంటోంది? కొమ్ము చివర కలం ఆగి లేచిందా, జారిపోయిందా? గీత ఆగకుండా నడిచిందా, మధ్యలో వణికి, కలం ఎత్తి, మళ్లీ పెట్టి దిద్దినట్టుందా? అక్షరం ఆకారాన్ని ఎవరైనా చూసి దించవచ్చు. నడక వేగాన్ని దించడం కష్టం. అనుకరించేవాడు నెమ్మదిగా గీస్తాడు, అందుకే గీత బరువుగా, ఒకే మందంగా ఉంటుంది, అనవసరమైన చోట్ల కలం లేస్తుంది. ఇవి కనబడాలంటే ఒరిజినల్ కావాలి. జిరాక్సులో కలం ఒత్తిడి చచ్చిపోతుంది, దిద్దిన చోటు కలిసిపోతుంది. జిరాక్సు పంపి నిపుణుడి అభిప్రాయం అడగడం అతన్ని గుడ్డివాణ్ని చేసి చూడమనడమే.

దీనికి రెండు హద్దులున్నాయి. వణికే చేతులున్న ముసలివాళ్లు, పేరు రాయడం మాత్రమే నేర్చుకున్నవాళ్లు చేసే సంతకాల్లో నకలుకు చెప్పే లక్షణాలన్నీ సహజంగానే ఉంటాయి. వణుకు, ఆగడం, కలం ఎత్తడం అన్నీ. అక్కడ నిపుణుడు "చెప్పలేను" అంటే అతను అసమర్థుడని కాదు, నిజాయితీపరుడని అర్థం. రెండోది సిరా వయసు. సంతకం నాదే గానీ ఖాళీ నోటు మీద పెట్టించుకుని తర్వాత నింపారని ప్రతివాది వాదించినప్పుడు, సిరా ఏ సంవత్సరంలో పడిందో తేల్చమని పిటిషన్లు వస్తూ ఉంటాయి. ఒకే రకం బాల్‌పెన్ సిరాలో రెండు మూడేళ్ల తేడాను నమ్మకంగా తేల్చే పద్ధతి మన ప్రయోగశాలల్లో లేదు. ఆ ప్రశ్న పంపితే దావా ఏడాది సాగడం తప్ప ఒరిగేది లేదు.

ఇంకో మాట. పాత 73, ఇప్పటి 72వ సెక్షన్ కింద జడ్జి తానే రెండు సంతకాలు పోల్చవచ్చు. అధికారం ఉంది. కానీ 1979 రిపోర్టుల్లో ఉన్న పాలీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఇందులోని ప్రమాదాన్ని గట్టిగానే చెప్పింది. భోజన విరామంలో కిటికీ వెలుతురులో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి "కలుస్తున్నాయి" అని తీర్పులో రాసే జడ్జి తానే సాక్షి అయిపోతున్నాడు. ఆ సాక్షిని క్రాస్ చేసే వీలు ఏ వకీలుకీ లేదు.

ఇప్పుడు తుపాకుల దగ్గరకు వస్తాను. ఇక్కడ శాస్త్రం గట్టిదన్న నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకానికి కారణం ఉంది. తూటా పేలినప్పుడు ఫైరింగ్ పిన్ దాని అడుగును కొడుతుంది, ఖాళీ గొట్టం వెనక్కి తన్ని బ్రీచ్ ఫేస్‌కు గుద్దుకుంటుంది, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచును పట్టి లాగుతుంది, ఎజెక్టర్ బయటికి తన్నుతుంది. ఈ నాలుగు ఉక్కు ముక్కలూ ఇత్తడి మీద తమ గీతలు వదిలిపెడతాయి. పన్ను విరిగిన రంపం కోసిన ప్రతి పలక మీదా ఒకే చోట ఒకే గీత పడ్డట్టు, ఆ తుపాకికే ప్రత్యేకమైన లోపాలు ప్రతి తూటా మీదా పడతాయని సిద్ధాంతం. ఇందులో ఫలానా రకం తుపాకులన్నింటికీ ఉండే లక్షణాలు వేరు, ఈ ఒక్క తుపాకికే ఉండేవి వేరు. మొదటివి కలిస్తే అదే రకం తుపాకి అని మాత్రమే తేలుతుంది. రెండోవి కలిస్తేనే అదే తుపాకి అనవచ్చు. కంపారిజన్ మైక్రోస్కోప్ కింద రెండు గొట్టాలను పక్కపక్కన ఒకే దృశ్యంలో పెట్టి, గీతకు గీత కలుస్తుందా అని చూస్తారు.

పద్ధతి సరిగా నడిచిన కేసు ఒకటి 1958 రిపోర్టుల్లో ఉంది, కాలువా వర్సెస్ ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం. చనిపోయినవాడి మంచం దగ్గర ఒక ఖాళీ తూటా దొరికింది. తర్వాత ముద్దాయి చూపగా ఒక నాటు పిస్తోలు దొరికింది. నిపుణుడు ఆ పిస్తోలుతో పరీక్ష తూటాలు పేల్చి, వాటి మీద పడ్డ గుర్తుల్ని మంచం దగ్గర దొరికిన దాంతో పోల్చాడు. ఆ పిస్తోలుకే ప్రత్యేకమైన గుర్తులు కలిశాయి. శిక్ష నిలిచింది. నాటు తుపాకి అయినందువల్ల పని తేలికైంది. ఫ్యాక్టరీలో నునుపుగా చేసిన దానికన్నా ఆకురాయితో రుద్ది చేసిన బ్రీచ్ ఫేస్, పిన్‌ల గరుకుదనం ఖాళీ తూటా మీద ఎక్కువ గీతలు వేస్తుంది.

ఈ కేసులో అసలు బలం పరీక్ష తూటాల్లో ఉంది. అవి ఒకటి కాదు, కొన్ని కావాలి. ఎందుకంటే ఒకే తుపాకి కూడా ప్రతిసారీ ఒకేలా గుర్తు వేయదు. తూటా ఇత్తడి గట్టిదనం మారుతుంది, మందు ఒత్తిడి మారుతుంది, గొట్టంలో తూటా కూర్చున్న తీరు మారుతుంది. ఈ తుపాకి గుర్తులు ఒక దెబ్బకీ మరో దెబ్బకీ ఎంత మారతాయన్నది తుపాకి చేతిలో ఉంటేనే తెలుస్తుంది. చేతిరాతలో సహజ తేడా గురించి చెప్పానే, ఇక్కడా సరిగ్గా అదే సమస్య.

తుపాకి లేకుండా ఏమవుతుందో దేశమంతా చూసింది. 1999 ఏప్రిల్ 29 అర్ధరాత్రి దాటాక ఢిల్లీ మెహ్రౌలీలోని ఒక రెస్టారెంటులో జెస్సికా లాల్ హత్య జరిగింది. మద్యం పోయనన్నందుకు ఒక గుండు కప్పులోకి, మరొకటి ఆమె తలలోకి పేలిందన్నది ప్రాసిక్యూషన్ కథ. అక్కడ రెండు పాయింట్ 22 ఖాళీ తూటాలు దొరికాయి. ముద్దాయికి అదే బోరు ఇటలీ పిస్తోలుకు లైసెన్సు ఉంది, కానీ పిస్తోలు దొరకలేదు, ఈ రోజుకీ దొరకలేదు.

ముందుగా పరిశీలించిన నిపుణుడు, ఈ తూటాల్ని ఏ తుపాకితోనైనా ముడిపెట్టాలంటే ఆ తుపాకి కావాలన్నాడు. అంతటితో ఆగి ఉంటే సరిపోయేది. తర్వాత ఆ రెండు గొట్టాలూ జైపూర్‌లోని రాజస్థాన్ ప్రయోగశాలకు వెళ్లాయి. వాటి వెంట వెళ్లిన ప్రశ్న ఇది: రెండూ ఒకే తుపాకిలోంచి పేలాయా, వేర్వేరు తుపాకుల్లోంచా? ఆ నిపుణుడు రెండూ వేర్వేరు తుపాకుల్లోంచి పేలినట్టు కనిపిస్తున్నాయన్నాడు.

ప్రశ్నను ఒకసారి చూడండి. అందులో రెండే గదులున్నాయి. ఒకటి కాకపోతే రెండోది. "ఈ వస్తువులతో తేల్చలేం" అన్న మూడో గది లేదు. ఆ మూడో గదే ఇక్కడ సరైన జవాబు. ఎందుకో చెప్తాను. తుపాకి లేకపోయినా రెండు ఖాళీ తూటాలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. వాటి మీద చాలినన్ని ప్రత్యేక గీతలు కలిస్తే ఒకే తుపాకి అని చెప్పడానికి ఆధారం ఉంటుంది. కానీ అవి కలవకపోతే? కలవకపోవడానికి రెండు కారణాలు ఉండవచ్చు. తుపాకులు రెండు కావచ్చు, లేదా ఒకే తుపాకి ఆ రెండుసార్లూ వేరుగా గుర్తు వేసి ఉండవచ్చు. ఈ రెండిట్లో ఏదో తేల్చాలంటే ఆ తుపాకి తూటా తూటాకీ ఎంత మారుతుందో తెలియాలి. అది పేల్చి చూస్తేగానీ తెలియదు. పైగా పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటా. దాని ప్రైమర్ మందు అడుగు మధ్యలో కాకుండా అంచు లోపల ఉంటుంది, పిన్ అంచును కొడుతుంది. పోల్చడానికి దొరికే చోటు చాలా చిన్నది. కలిసిందని చెప్పడం కన్నా కలవలేదని చెప్పడం తేలికనుకుంటాం. ఈ పనిలో అది తలకిందులు.

ఆ ఒక్క అభిప్రాయం మీద కేసు తిరిగిపోయింది. మొదట ఎఫ్‌ఐఆర్‌కు ఆధారమైన వాంగ్మూలం ఇచ్చిన ప్రత్యక్షసాక్షి కోర్టులో మాట మార్చి, రెండు గుళ్లు ఇద్దరు పేల్చారన్నాడు. ఆ మాటకూ నిపుణుడి అభిప్రాయానికీ పొత్తు కుదిరింది. రెండు తుపాకుల సిద్ధాంతం పుట్టింది. 2006 ఫిబ్రవరిలో ట్రయల్ కోర్టు ముద్దాయిలందరినీ విడుదల చేసింది. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి ప్రధాన ముద్దాయికి యావజ్జీవం వేసింది. 2010 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది.

పై కోర్టులు నిపుణుడి మాటకు మరో నిపుణుడి మాటను పోటీ పెట్టలేదు. దాని ఆధారం ఏమిటని అడిగాయి. తుపాకి చూడకుండా, పరీక్ష తూటా పేల్చకుండా ఇచ్చిన మాట అది. దానికి ఎదురుగా ఆ రాత్రి ముద్దాయిని అక్కడ చూసినవాళ్ల సాక్ష్యం ఉంది, అతను పారిపోయిన తీరు ఉంది, లైసెన్సు ఉన్న మనిషి తన పిస్తోలు తెచ్చి చూపించలేకపోవడం ఉంది. తుపాకి ముద్దాయి చేతిలో ఉండాల్సింది. అది కోర్టుకు రాకపోవడం వల్ల పుట్టిన లోటును అతనికే లాభంగా మార్చడం కుదరదు. నిపుణుణ్ని తూచడం అంటే ఇదే. అభిప్రాయానికి ఆధారం ఎంత, దానికి ఎదురుగా ఉన్న ప్రత్యక్ష సాక్ష్యం ఎంత అని రెండూ ఒకే పళ్లెంలో కాక ఎదురెదురుగా పెట్టి చూడడం.

కథ ఇక్కడ ఆగలేదు. 2013లో ఢిల్లీ హైకోర్టు మాట మార్చిన సాక్షితో పాటు ఆ నిపుణుడి మీద కూడా అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టమంది. న్యాయవాదుల్లో చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు అప్పుడే ఇబ్బందిగా అనిపించింది. చూసింది చూడలేదన్నవాడు అబద్ధమాడాడని నిరూపించవచ్చు. తనకు అలా కనిపించిందన్నవాడు అబద్ధమాడాడని ఎలా నిరూపిస్తారు? 2016 జనవరిలో సుప్రీంకోర్టు నిపుణుడి మీద చర్యను కొట్టేసింది. జస్టిస్ కురియన్ జోసెఫ్ రాసిన ఆ తీర్పు చిన్నది, కానీ ప్రతి ప్రాసిక్యూటరూ చదవాల్సింది. నిపుణుడు మొదటినుంచీ తుపాకి కావాలంటూనే ఉన్నాడనీ, అది లేకుండానే చెప్పమని పట్టుబట్టినప్పుడు మాత్రమే "కనిపిస్తున్నాయి" అన్న స్థాయిలో అభిప్రాయం ఇచ్చాడనీ కోర్టు గమనించింది. అలాంటి మాటకు జైలు చూపించడం తగదంది.

నా దృష్టిలో ఆ తీర్పు నిపుణుడిని మాత్రమే కాపాడలేదు. తప్పు ఎక్కడ జరిగిందో కూడా చూపించింది. ఆ తప్పు రెండు గదుల ప్రశ్నలో ఉంది. మూడో జవాబు చెప్పే వీలు అతనికి ఇచ్చి ఉంటే, ఇచ్చిన జవాబులోని "కనిపిస్తున్నాయి"ని కింది కోర్టు గమనించి ఉంటే, రెండు తుపాకుల సిద్ధాంతం పుట్టేదే కాదు.

అమెరికాలో ఈ విద్య మీద గట్టి విచారణ జరిగింది. 2016లో అక్కడి అధ్యక్షుడి శాస్త్ర సలహా మండలి, తూటా గుర్తుల పోలికను సరిగ్గా పరీక్షించిన అధ్యయనం అప్పటికి ఒక్కటే ఉందంది. దాని లెక్క ప్రకారం వేరే తుపాకి తూటాను ఇదే తుపాకిదని పొరబడడం సుమారు 66 సార్లకు ఒకసారి జరగవచ్చు. అది అక్కడి లెక్క. మన ప్రయోగశాలల లెక్క ఏమిటని ఏ క్రాస్‌లోనూ ఎవరూ అడగగా నేను వినలేదు. అడగడం మొదలుపెట్టండి. జవాబు లేకపోయినా, లేదన్న సంగతి డిపోజిషన్‌లో రికార్డవుతుంది.

చివరగా మన జిల్లా కోర్టుల గోడల మధ్య జరిగేది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 293, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ లాంటి వాటి డైరెక్టర్ల రిపోర్టులు సాక్షి లేకుండానే మార్కు చేయవచ్చు. సౌకర్యమే. దాని ఫలితం ఏమిటంటే తుపాకి నిపుణుడు బోనెక్కడం మన దగ్గర అరుదైపోయింది. కోర్టు తగుననుకుంటే నిపుణుణ్ని పిలిపించవచ్చని అదే సెక్షన్‌లో ఉంది, కానీ డిఫెన్స్ వాళ్లు అడగరు. చేతిరాత నిపుణుడి సంగతి వేరు. ప్రభుత్వ ప్రశ్నిత పత్రాల పరీక్షకుడు ఆ జాబితాలో లేడు గనక, హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర కార్యాలయం నుంచి వచ్చే నిపుణుడు సాధారణంగా వచ్చి సాక్ష్యం చెప్తాడు. ఇలా తక్కువ శాస్త్రమున్న విద్యను క్రాస్ చేస్తున్నాం, ఎక్కువ బరువు ఇచ్చే విద్యను కాగితం మీదే ఒప్పుకుంటున్నాం. ఇది నాకు విడ్డూరంగా తోస్తుంది.

తుపాకి కేసుల్లో రిపోర్టు చేతికొచ్చిన వెంటనే తేదీలు చూడండి. ఘటనాస్థలంలో ఖాళీ తూటా దొరికింది ఏ రోజు, సీలు వేసి ల్యాబ్‌కు పంపింది ఏ రోజు, తుపాకి స్వాధీనమైంది ఏ రోజు? తూటా ముందే ల్యాబ్‌కు చేరి, తుపాకి తర్వాత దొరికితే ప్రాసిక్యూషన్ నిశ్చింతగా ఉండవచ్చు. తూటా స్టేషన్ మాల్‌ఖానాలో వారాలు పడి ఉండి, తుపాకి దొరికాక రెండూ ఒకే పార్సిల్‌లో వెళితే, ఆ తుపాకితోనే స్టేషన్ వెనకాల మరో తూటా పేల్చి మార్చారేమోనన్న సందేహాన్ని ఏ మైక్రోస్కోపూ తీర్చలేదు. నిపుణుడు పోల్చింది నిజంగానే కలిసి ఉంటుంది. అతనికి పంపింది ఏమిటన్నది అతనికి తెలియదు.

ఇక లెటర్ ఆఫ్ అడ్వైస్. దర్యాప్తు అధికారులు రాసే ఆ ఉత్తరాల్లో "ముద్దాయి నుంచి స్వాధీనం చేసుకున్న నేరాయుధం" అని రాసి, "ఈ తూటా ఇందులోంచే పేలిందని ధృవీకరించగలరు" అని ముగించడం నేను చూశాను. అది ప్రశ్న కాదు, ఉత్తర్వు. పేర్లు, నేరకథ అందులో ఉండాల్సిన పని లేదు. వస్తువులకు నంబర్లుండాలి. "వీటిని పోల్చి, ఒకే తుపాకివా, వేర్వేరువా, తేల్చలేమా చెప్పండి, ఎన్ని పరీక్ష తూటాలు పేల్చారో, ఏ గుర్తులు కలిశాయో, ఏవి కలవలేదో రాయండి, ఫొటోలు జతచేయండి" అని అడిగితే చాలు. ఉత్తరం అలా లేకపోతే మేజిస్ట్రేటు తిప్పి పంపవచ్చు. ప్రాసిక్యూటరు ముందే దిద్దవచ్చు. ఇద్దరూ చేయకపోతే, రిపోర్టు వచ్చాక ఆ ఉత్తరం నకలు తెప్పించి మార్కు చేయించడం డిఫెన్స్ వకీలు పని.